రాయడానికి ఏమీ లేదన్న మాట అబద్ధం

ఈ మధ్య నందిగామలో ఇంజినీరింగ్ చివరి ఏడు పిల్లలకు ఉద్యోగ దరఖాస్తుల మీద ఒక క్లాసు జరిగితే వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. పాఠం చెప్పినాయన చాలా ధీమాగా మూడు మాటలు చెప్పాడు. అనుభవం లేనివాడికి కవర్ లెటర్‌లో రాసుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి మంచి నమూనా ఒకటి తీసుకుని కంపెనీ పేరు మార్చి పంపాలట. ఆ ఉత్తరం ఎలాగూ ఎవరూ చదవరట. మరీ వెలితిగా కనబడితే ఆరు నెలల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ సంపాదించుకోవడం పెద్ద పని కాదట. అరవై మంది పిల్లలు తలలూపి రాసుకున్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

జగ్గయ్యపేట, నందిగామ మధ్య లారీ ఆఫీసుల్లో, గోడౌన్లలో ఇరవై రెండేళ్లు పనిచేశాను. అందులో ఎనిమిదేళ్లు కొత్త కుర్రాళ్ల దరఖాస్తులు నా బల్ల మీదకే వచ్చేవి. కాబట్టి ఈ మూడు మాటలూ తప్పని తెలిసే చెబుతున్నాను.

ముందు రెండో మాట సంగతి తేల్చేద్దాం, అందులో కొంత నిజం ఉంది. ఒకేసారి వందలమందిని తీసుకునే పెద్ద కంపెనీలు ఆన్‌లైన్ పరీక్ష పెట్టి మార్కులు చూస్తాయి. అక్కడ ఉత్తరం అడగరు, అడిగినా తెరవరు. కానీ లాజిస్టిక్స్‌లో మెట్ట ప్రాంతపు కుర్రాడికి మొదటి ఉద్యోగం ఎక్కువగా అలా రాదు. ఒక బ్రాంచికో, గోడౌనుకో ఇద్దరు మనుషులు కావాల్సి వస్తుంది. వచ్చిన దరఖాస్తులు బ్రాంచి ఇన్‌చార్జి ఫోన్‌కి చేరతాయి. ఆయన వాటిని లోడింగుకీ అన్‌లోడింగుకీ మధ్య, డ్రైవర్ల ఫోన్లు ఎత్తుతూ చూస్తాడు. రెజ్యూమేలన్నీ ఒకటే మూస: అదే బీటెక్, అదే శాతం, అదే మినీ ప్రాజెక్టు. మనిషికీ మనిషికీ తేడా తెలిసేది ఉత్తరంలోనే. నేను చదివాను. నాతో పనిచేసినవాళ్లూ చదివేవారు. ఐదో వాక్యం దాకా ఏమీ దొరక్కపోతే మూసేసేవాళ్లం, అది కూడా నిజమే.

ఇక అసలు మాట: రాయడానికి ఏమీ ఉండదన్నది. ఆ క్లాసు అయ్యాక జగ్గయ్యపేట కుర్రాడొకడు, మెకానికల్ పాసైనవాడు, తన ఉత్తరం నాకు చూపించాడు. ఇంగ్లీషులో ఉన్న దాని సారం ఇది: "మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో నా నైపుణ్యాలు పెంపొందించుకునే అవకాశం కోరుతున్నాను. నేను కష్టపడే తత్వం గలవాడిని, త్వరగా నేర్చుకుంటాను, నలుగురితో కలిసి పనిచేస్తాను. సప్లై చైన్ రంగమంటే నాకు చిన్నప్పటి నుంచీ మక్కువ."

ఈ ఉత్తరాన్ని బ్యాంకుకి పంపినా, ఆసుపత్రికి పంపినా ఒక్క మాట మార్చక్కర్లేదు. రవాణా మనిషికి ఇందులో ఏం తెలిసింది? కష్టపడతాడని వాడే చెప్పుకున్నాడు, చూసినవాళ్లెవరూ చెప్పలేదు. అవకాశం ఇస్తే తనకేం ఒరుగుతుందో రాశాడు గానీ, ఇన్‌చార్జికి ఏం ఒరుగుతుందో రాయలేదు. ఆ ఇన్‌చార్జి బెంగ వేరు. రాత్రి రెండు గంటలకు కాటా చీటీ మీద అంకె సరిగ్గా దించుకుంటాడా? ఎల్ఆర్ మీద 380 బస్తాలుండి దిగినవి 376 అయితే ఆ నాలుగూ తేలేదాకా నిలబడతాడా, లేక సంతకం పెట్టేస్తాడా? ఏసీ గది అనుకుని వచ్చి, సిమెంటు దుమ్ము చూసి రెండో నెల వెళ్లిపోతాడా? ఉత్తరం ఈ మూడింటికీ జవాబివ్వాలి. ఇవ్వడానికి ఉద్యోగానుభవం అక్కర్లేదు. కళ్లారా చూసి, లెక్క రాసుకున్న పని ఒక్కటుంటే చాలు.

"మీ ఇంట్లో ఎవరికైనా బండి ఉందా?" అనడిగాను. "మా మేనమామకి టెన్ టైర్ లారీ ఉంది బాబాయ్, సిమెంటే తోల్తాడు" అన్నాడు. మరి ఉత్తరంలో ఎందుకు రాయలేదంటే, "అది చెప్పుకునే సంగతా?" అన్నాడు. ఆ సిగ్గు నేర్పినవాళ్ల మీదే నాకు కోపం. జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి నేల. జయంతిపురం, ముక్త్యాల, బూదవాడల్లో సిమెంటు ఫ్యాక్టరీలు. చిల్లకల్లు దగ్గర హైదరాబాద్–విజయవాడ హైవే, 65వ నంబరు జాతీయ రహదారి. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా కృష్ణా జిల్లా మెట్ట అనిపించుకున్న ఈ ప్రాంతంలో లారీ వాసన తెలియని ఇల్లు తక్కువ. లాజిస్టిక్స్ కంపెనీకి రాస్తూ ఆ లారీనే దాచిపెట్టడమేమిటి!

మేనమామ దగ్గర ట్రిప్పుల పుస్తకం ఉంది. డీజిలు, టోలు, బత్తా, ఏ రోజు ఎక్కడ లోడు అన్నీ అందులో ఉన్నాయి. వేళలు మాత్రం లేవు. కుర్రాణ్ణి తర్వాతి ట్రిప్పుల్లో ఎనిమిది వేళలు రాయమన్నాను: ఫ్యాక్టరీ గేటు లోపలికి వెళ్లింది, ఖాళీ కాటా అయింది, లోడింగు మొదలైంది, లోడు కాటా అయింది, గేటు బయటికి వచ్చింది, విజయవాడ గోడౌను చేరింది, దింపడం మొదలైంది, దింపడం ముగిసింది. తను వెళ్లని రోజుల్లో మేనమామ ఫోన్‌లో చెబితే రాసుకున్నాడు. పదమూడు ట్రిప్పులయ్యాయి.

మొదట బరువు. టెన్ టైర్ బండికి చట్టం ఒప్పుకునే మొత్తం బరువు 28.5 టన్నులు. 2018లో పెంచాక వచ్చిన లెక్క ఇది. ఖాళీ బండి కాటా 9.5 టన్నులు తూగితే సరుకుకి 19 టన్నులు మిగులుతాయి. బస్తా 50 కిలోలు కాబట్టి 380 బస్తాలు. ఈ తీసివేత, భాగహారం ఆరో తరగతివే. కానీ ఇది తెలిసిన కుర్రాడు, 400 బస్తాలు ఎక్కించమని పార్టీ ఒత్తిడి చేసిన రోజు టన్ను ఎక్కువవుతుందని వెంటనే చెప్పగలడు. అది తప్పని ఊరుకోడు, ఎంత తప్పో చెబుతాడు. కాటా దగ్గర కావాల్సింది అదే.

తర్వాత వేళలు. విజయవాడ గోడౌను చేరాక దింపడం మొదలయ్యేదాకా బండి ఎంతసేపు ఆగిందో చూశాం. పదమూడు ట్రిప్పుల్లో ఆగిన గంటలు చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా ఇవి: 1, 1, ఒకటిన్నర, ఒకటిన్నర, 2, 2, రెండున్నర, 3, 3, మూడున్నర, 4, నాలుగున్నర, చివరిది ఇరవై రెండున్నర. మొత్తం 52 గంటలు. పదమూడుతో భాగిస్తే సగటు సరిగ్గా నాలుగు. కుర్రాడు సంబరంగా "బండి సగటున నాలుగు గంటలు ఆగుతోంది" అని ఉత్తరంలో రాసేశాడు.

అక్కడ ఆపాను. పదమూడు ట్రిప్పుల్లో నాలుగు గంటలు, ఆపైన ఆగినవి మూడే. మామూలుగా జరిగేది నాలుగు గంటలని ఎలా అంటావు? ఆదివారం చేరి, గోడౌను మూసి ఉండి పడిగాపులు పడిన ఆ ఒక్క ట్రిప్పు లెక్కనంతా పైకి లాగింది. దాన్ని పక్కన పెడితే మిగతా పన్నెండింటి సగటు రెండున్నరకు కొద్దిగా తక్కువ. వరసలో సరిగ్గా మధ్యన ఉన్న ఏడో ట్రిప్పు కూడా రెండున్నరే. ఇలాంటి లెక్కల్లో మధ్య విలువ చెప్పాలి, ఆ విడ్డూరమైన ట్రిప్పుని దాచకుండా విడిగా చెప్పాలి. ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చదివిన మీడియన్ అదే. వాడికి సూత్రం వచ్చు, బండి దగ్గర వాడతారని మాత్రం తెలియదు.

ఎందుకు ఆగుతోందో కూడా పుస్తకంలోనే దొరికింది. రెండున్నర గంటల పైన ఆగిన ఆరు ట్రిప్పుల్లో ఐదు, గోడౌనుకి మధ్యాహ్నం రెండు దాటాక చేరినవి. అక్కడ ఒకటే ముఠా. పొద్దున వచ్చిన బండ్లు దింపి, భోజనం చేసి, వరసలో ఉన్నవి చూస్తారు. పది లోపల చేరిన నాలుగు ట్రిప్పులకీ ఒకటిన్నర గంట లోపే ముఠా దొరికింది. కాబట్టి బండి హైవే మీద ఎంత వేగంగా పోయిందన్నది కాదు, ఫ్యాక్టరీ గేటు ఎన్నింటికి దాటిందన్నది తేడా తెస్తోంది. ఇది ఒక్క బండి, ఒక్క గోడౌను, పదమూడు ట్రిప్పుల లెక్క. అన్ని గోడౌన్లూ ఇంతేనని దీన్నిబట్టి చెప్పకూడదు. ఆ మాట కూడా ఉత్తరంలో ఉండాలన్నాను. కుర్రాడు భయపడ్డాడు: "మనమే తక్కువ చేసుకున్నట్టు అవదా?" అవదు. లెక్క ఎంతవరకు చెల్లుతుందో తెలిసినవాడి చేతికి రిజిస్టరు ఇవ్వొచ్చని చదివేవాడికి అక్కడే అనిపిస్తుంది. "మీ ఖర్చు ఇరవై శాతం తగ్గిస్తాను" అని రాసేవాడి మాట మీద ఎవరికీ ఆ నమ్మకం కలగదు.

ఇంకో జాగ్రత్త. మేనమామ ఒప్పుకున్నాకే వేళలు వాడాం. ఫ్యాక్టరీ పేరు, పార్టీ పేరు, కిరాయి రేటు ఒక్కటీ రాయనివ్వలేదు. ఒకరి రేటు ఇంకొకరికి చెప్పేవాడు రేపు మన రేటు కూడా చెబుతాడని ఇన్‌చార్జికి తెలుసు.

చివరికి వెళ్లిన ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. దాని తెలుగు ఇది.

"బ్రాంచి మేనేజర్ గారికి,

మీ విజయవాడ గోడౌనులో ఆపరేషన్స్ ట్రైనీ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నాను. ఈ ఏడాది మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేశాను. ఇంతవరకు ఎక్కడా ఉద్యోగం చేయలేదు.

మా మేనమామ గారు జగ్గయ్యపేట నుంచి విజయవాడకు సిమెంటు లారీ నడుపుతారు. ఆయన అనుమతితో వరసగా పదమూడు ట్రిప్పులకు గేటు, కాటా, లోడింగు, అన్‌లోడింగు వేళలు రాశాను. గోడౌను చేరాక దింపడం మొదలయ్యేదాకా ఆగిన సమయం మధ్య విలువ రెండున్నర గంటలు. ఒక ట్రిప్పు ఆదివారం పడడంతో ఇరవై రెండున్నర గంటలు ఆగింది, దాన్ని విడిగా చూపాను. ఉదయం పది లోపు చేరిన ట్రిప్పులన్నిటిలోనూ ఒకటిన్నర గంట లోపే దింపడం మొదలైంది. ఇది ఒకే లారీ, ఒకే గోడౌను లెక్క, అందరికీ వర్తిస్తుందని అనను. ఎక్సెల్ షీటు జతచేశాను.

ఆరు ట్రిప్పుల్లో స్వయంగా బండితో వెళ్లాను. నాలుగుసార్లు బస్తాలు దిగేటప్పుడు ముఠా మేస్త్రీతో పాటు లెక్కపెట్టాను. ఎల్ఆర్, ఈ-వే బిల్లు చదవడం వచ్చు, తయారు చేయడం ఇంకా రాదు. ఎక్సెల్‌లో పివోట్ టేబుల్ చేయగలను. మీ సాఫ్ట్‌వేర్ రాదు, నేర్చుకోవాల్సి ఉంటుంది.

రాత్రి షిఫ్టు చేయగలను. విజయవాడలో ఉండడానికి ఏర్పాటు ఉంది. పిలిచిన వారం లోపు చేరగలను."

ఇందులో "కష్టపడే తత్వం" అన్న మాట లేదు. ఆరు ట్రిప్పులు బండి క్యాబిన్‌లో కూర్చున్నవాడు ఆ మాట చెప్పుకోనక్కర్లేదు. పేజీలో సగం కూడా రాలేదు, ఫోన్‌లో రెండుసార్లు పైకి జరిపితే అయిపోతుంది. "రాదు" అని రెండుచోట్ల రాసి ఉంది. ఆ క్లాసు చెప్పినాయన వింటే ముందు ఆ రెండూ కొట్టేయమంటాడు. నేనైతే ఆ రెండింటి వల్లే, "వచ్చు" అన్నవాటిని కూడా నమ్ముతాను.

ఆ క్లాసులో ఇంకో సలహా కూడా వినిపించింది. బ్లాక్‌చెయిన్, డ్రోన్ డెలివరీ, డిస్‌రప్షన్ మేనేజ్‌మెంట్ లాంటి మాటలు వేస్తే ఉత్తరానికి బరువొస్తుందట. ఆ చివరి మాట సంగతే చూద్దాం. 2023 జులై 27న మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదకు నీళ్లొచ్చాయి. వాహనాలు ఆగిపోయాయి. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా తిప్పి పంపారు. 2024 సెప్టెంబర్ మొదట్లో మళ్లీ వరద, ఈసారి గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. ఈ పిల్లలు ఆ నీళ్లు కళ్లారా చూసినవాళ్లు.

హైదరాబాద్‌లో జులై 26న ఈ-వే బిల్లు తీసి, విజయవాడకు బయల్దేరిన బండి ఒకటి 27న ఐతవరంలో చిక్కుకుందనుకుందాం. దూరం దాదాపు 275 కిలోమీటర్లు. మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకు ఒక రోజు, మిగిలిన దూరానికి ఇంకో రోజు, మొత్తం రెండు రోజుల గడువు. మొదటి రోజు బిల్లు తీసిన మర్నాటి అర్ధరాత్రికి పూర్తవుతుంది కాబట్టి, బిల్లు 28 అర్ధరాత్రి దాకా చెల్లుతుంది. ఆలోపు చేరదనిపిస్తే గడువు పొడిగించుకోవచ్చు, కానీ ఎప్పుడంటే అప్పుడు కాదు. గడువు ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల దాకా మాత్రమే. అంటే 28 సాయంత్రం నాలుగు నుంచి 29 పొద్దున ఎనిమిది లోపు ఎవరో ఒకరు కూర్చుని కారణం రాసి పొడిగించాలి. సరుకు వేరే బండిలోకి మారిస్తే పార్ట్ బీలో కొత్త బండి నంబరు ఎక్కించాలి. మరిచిపోతే నీళ్లు తగ్గాక, దారి బాగుపడ్డాక, తనిఖీలో బండి మళ్లీ ఆగుతుంది. డిస్‌రప్షన్ మేనేజ్‌మెంట్ అంటే మా ఆఫీసులో ఆ సాయంత్రం నాలుగింటికి అలారం పెట్టుకోవడమే. ఈ సంగతి రెండు వాక్యాల్లో రాయగలిగిన కుర్రాడు ఆ పెద్ద మాటతో నన్ను మెప్పించాల్సిన పని లేదు.

మూడో సలహా దొంగ సర్టిఫికెట్. ఇది తప్పు సలహా మాత్రమే కాదు, పిల్లల మీద చేసే నేరం. పీఎఫ్ ఉన్న ఏ కంపెనీలో చేరినా యూఏఎన్ నంబరు వస్తుంది. ఎక్కడ ఎప్పుడు పనిచేశారో ఆ చరిత్రలో కనబడుతుంది. ఆరు నెలలు ఫలానాచోట చేశానన్నవాడి ఖాతాలో ఆ ఊసే లేకపోతే మొదటి ప్రశ్న అక్కడే వస్తుంది. పట్టుబడకపోయినా సరే, ఈ వృత్తిలో ఆ కాగితానికి వేరే అర్థం ఉంది. మా పనంతా ఇతరుల సరుకు, ఇతరుల సంతకం. నాలుగు బస్తాలు తగ్గినా పూర్తిగా అందినట్టు పీఓడీ మీద రాయించుకొచ్చే మనిషి మాకు అన్నిటికన్నా పెద్ద నష్టం. జరగని పని జరిగినట్టు కాగితం తెచ్చుకోవడం ఒక కుర్రాడికి మొదటి రోజే నేర్పితే, వాడు మా గోడౌనులో చేయబోయేదీ అదే.

ఆ లారీ ఉత్తరం సంగతి విన్న నందిగామ అమ్మాయి ఒకతె సూటిగా అడిగింది: "మా మేనమామకి లారీ లేదు బాబాయ్ గారూ, మా నాన్న కిరాణా కొట్టు. నేనేం రాయను?" న్యాయమైన ప్రశ్నే. కొట్టుకి సరుకు ఎలా వస్తుందని అడిగితే పార్సిల్ ఆఫీసు నుంచి అంది. ప్లాస్టిక్ సామాను పెట్టెకి బరువు ఆరు కిలోలే ఉన్నా పంతొమ్మిది కిలోల చార్జీ వేశారని వాళ్ల నాన్న గొడవపడ్డ సంగతి చెప్పింది. ఆ పెట్టె కొలిచావా అన్నాను. కొలవలేదంది. మర్నాడు టేపు పెట్టి కొలిచింది. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 40. మూడూ హెచ్చిస్తే 96,000. కొరియర్లలో చాలామంది వాడే 5,000తో భాగిస్తే 19.2 కిలోలు. బండిలో ఆ పెట్టె ఆక్రమించే చోటుకి వేసిన లెక్క అది. వాళ్ల నాన్నని ఎవరూ మోసం చేయలేదు, పెట్టె సగం ఖాళీగా ఉంది. అదే సామాను ఒకదాంట్లో ఒకటి దూర్చి, 40, 30, 30 సెంటీమీటర్ల పెట్టెలో సర్దితే 7.2 కిలోలకు దిగుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి కొట్టుకొచ్చే పెట్టెలన్నీ కొలుస్తోంది. ఇంతవరకు పదకొండు కొలిచింది, ఇంకో తొమ్మిది అయ్యాక ఉత్తరం రాస్తానంది. ఏ పెట్టెలు సర్దితే తగ్గుతాయో, గాజు సామానులా ఏవి సర్దితే పగులుతాయో విడిగా రాసుకోమని చెప్పాను.